అప్పగింతలు, అజమాయిషీ

మైక్రోమేనేజ్‌మెంటుకి తెలుగులో ఏమనాలా అని చాలా రోజులుగా ఆలోచిస్తున్నాను. "సూక్ష్మ నిర్వహణ" అని రాసినవాళ్ళున్నారు గానీ, ఆ మాట వింటే చేతిగడియారాలు బాగుచేసే విద్యేదో గుర్తుకొస్తుంది. వాడుకలో వేలుపెట్టడం ఉంది, పెత్తనం చెయ్యడం ఉంది. రెండూ బతికున్న మాటలే, కానీ రెండింటిలోనూ నింద ఉంది. అవి ఎదుటివాళ్ళు చేసే పనులు. "నేను పెత్తనం చేస్తున్నాను" అని ఎవరైనా తమ నోటితో తాము అనగా విన్నారా? మనం చేసేదానికి వేరే మాటలున్నాయి: చూసుకోవడం, కనిపెట్టుకుని ఉండడం, అజమాయిషీ. పని ఒక్కటే, కర్త మారితే క్రియ మారిపోతుంది. ఈ అలవాటుని ఎవరిలో వాళ్ళు గుర్తుపట్టలేకపోవడానికి మొదటి కారణం భాషలోనే ఉందని నాకనిపిస్తుంది.

భాష సాయం చేయనప్పుడు లెక్క సాయం చేస్తుంది. హైదరాబాదులో బిల్లింగు సాఫ్టువేరు రాసే ఒక చిన్న జట్టు బాధ్యత నాది. జట్టులో నాతో కలిపి ఎనిమిది మందిమి. ఆ మధ్య రెండు వారాలపాటు ఒక నోటుపుస్తకం బల్లమీద పెట్టుకున్నాను. మరొకరికి అప్పగించిన పని గురించి నేను నోరు విప్పిన ప్రతిసారీ, ఉత్తరం రాసిన ప్రతిసారీ అందులో ఒక వరుస రాశాను. వరుసలో మూడే గళ్ళు. టైమెంత? వాళ్ళు అడిగితే చెప్పానా, అడక్కుండానే చెప్పానా? నేను చెప్పినందువల్ల పని ఫలితంలో ఏం మారింది? మూడో గడి అప్పటికప్పుడు నింపలేం. రెండు మూడు రోజులాగి వెనక్కి వచ్చి నింపాలి. అప్పటికి మనసులో వేడి కాస్త చల్లారి ఉంటుంది కనుక జవాబు నిజాయితీగా వస్తుంది.

పది పనిదినాల్లో 84 వరుసలు తేలాయి. అందులో అడిగితే చెప్పినవి 22. మిగిలిన 62 ఎవరూ అడగనివి. ఆ 62లో ఫలితాన్ని నిజంగా మార్చినవి 11. ఇంకో 19 ఉత్త ఆరాలు: "ఎంతవరకు వచ్చింది?", "వాళ్ళకి జవాబిచ్చారా?" లాంటివి. మిగిలిన 32 మూడో గడిలో ఏం రాయాలో తెలియక చాలాసేపు ఖాళీగా ఉన్నాయి. చివరికి వాటికి "రుచి" అని పేరు పెట్టాను. ఉత్తరంలో మొదటి వాక్యం రెండోదిగా ఉంటే బాగుంటుంది, ఈ ఫంక్షనుకి ఈ పేరుకంటే ఆ పేరు నయం, పట్టికలో ఈ నిలువు వరుస ముందు రావాలి. ఉప్పు ఒక రవ్వ తగ్గిందనడం లాంటివే ఇవన్నీ. చెప్పినట్టు చేసినా నష్టం లేదు, చేయకపోయినా నష్టం లేదు.

ఇంతవరకు నేను ఊహించినదే. ఊహించనివి రెండు బయటపడ్డాయి.

మొదటిది టైము గడిలో. మా పై మేనేజరుతో నాకు వారానికి రెండు సమావేశాలుంటాయి, సోమవారం, గురువారం. అంటే ఆ రెండు వారాల్లో నాలుగు. అడగకుండా చెప్పిన 62లో 27 ఈ నాలుగు సమావేశాలు ముగిసిన గంటలోపల చెప్పినవే! పదిరోజుల పనిలో ఆ గంటలు నాలుగే. అంటే జట్టులో ఎవరి పని ఎలా ఉందన్నదానికీ, నేను ఎవరి బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డానన్నదానికీ సంబంధం తక్కువ. పైన నన్నడిగిన ప్రశ్నే కిందకి పల్లానికి పారే నీళ్ళలాగా పారింది. ఆయన "బిల్లింగు సంగతేమిటి?" అంటే, జవాబు నా దగ్గర లేని ఆ అరనిమిషం ఇబ్బందిని నేను మరొకరి బల్ల దగ్గరికి మోసుకెళ్ళాను. ఈ అలవాటుని స్వభావదోషంగానో, అనుమానం మనిషి అనో కొట్టిపారేసేవాళ్ళు ఈ గడి ఒకసారి రాసి చూడాలి. చాలామటుకు ఇది అనుమానం కాదు, సమాచారం లేకపోవడం.

రెండోది ఇంకా ఉపయోగపడింది. ఫలితాన్ని మార్చిన ఆ పదకొండింటిని విడిగా తీసి చూస్తే, తొమ్మిది పని మొదలవకముందో, మొదలైన ఒకటి రెండు రోజుల్లోనో చెప్పినవి. "రుచి" కింద రాసిన ముప్ఫైరెండులో ఇంచుమించు అన్నీ పని పూర్తయ్యాక చెప్పినవి. పని పూర్తయ్యేసరికి కంటికి కనిపించేది ఉంటుంది. కనిపించినదాని గురించి మాట్లాడడం తేలిక. మొదట్లో కాగితం మీద నాలుగు గీతలే ఉంటాయి, వాటిని చదవడానికి బుర్ర పెట్టాలి. అందుకని అవసరమైన చోట ఊరుకుని అవసరం లేని చోట మాట్లాడతాం.

ఇంటెల్‌ని నడిపిన ఆండీ గ్రోవ్ 1983లో "హై ఔట్‌పుట్ మేనేజ్‌మెంట్" అనే పుస్తకం రాశాడు. సరుకుని ఫ్యాక్టరీలో ఎక్కడ తనిఖీ చేస్తారో అదే పద్ధతిని అప్పగించిన పనులకీ వర్తింపజేశాడు. లోపమున్న ముడిసరుకుని గుమ్మం దగ్గరే పట్టుకుంటే ఖర్చు తక్కువ. అదే సరుకు యంత్రాలన్నీ దాటి వచ్చాక పారెయ్యాల్సివస్తే అంతదాకా దానిమీద పెట్టిన కూలీ, కరెంటు అన్నీ దండగ. అందుకని చిత్తుప్రతి దశలో చూడు, అన్నిటినీ కాకుండా కొన్నిటినే ఎంచుకుని చూడు అంటాడు. మనిషికి ఆ ఫలానా పనిలో ఉన్న అనుభవాన్ని బట్టి చూపు ఎంత దగ్గరగా ఉండాలో మారాలన్నది ఆయన మరో మాట. మొత్తం అనుభవం కాదు, ఆ పనిలో అనుభవం. పదేళ్ళుగా వంట చేస్తున్నావిడ కూడా మొదటిసారి మాగాయ పెడుతుంటే అత్తగారు పక్కన ఉండడంలో తప్పులేదన్నమాట. రోజూ వండే పప్పుచారు దగ్గర కూడా ఆ అత్తగారు అలాగే నిలబడితే అప్పుడది వేరే కథ.

లెక్క తేలాక మూడు రకాల మాటలకి మూడు వేర్వేరు ఏర్పాట్లు కావాలని అర్థమైంది. ఆరాలది అన్నిటికన్నా సులువు. మంగళవారం, శుక్రవారం సాయంత్రం నాలుగింటిలోగా ఒక్కొక్కరూ మూడు వాక్యాలు రాసి పెడతారు. ఏది పూర్తయింది, ఏది ఆగింది, ఒప్పుకున్న తేదీ అలాగే ఉందా మారిందా. మధ్యలో నేను అడగను. ఇందులో జట్టుకంటే నాకే క్రమశిక్షణ ఎక్కువ కావలసివచ్చింది. గురువారం సమావేశంలో మేనేజరు అడిగితే "రేపు నాలుగింటికి తెలుస్తుందండీ, ఈలోగా తేదీ మారితే వాళ్ళే చెబుతారు" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి నావైపు కాసేపు చూశారు. అయినా ఆ గంట నోటుపుస్తకంలో ఖాళీగా ఉంది.

రుచికి మందు యంత్రం. కోడులో ఖాళీలు ఎన్ని వదలాలి అన్న తగాదాలని గో భాష వాళ్ళు `gofmt` అనే పనిముట్టుతో తెంచేశారు. అది ఎలా అమరిస్తే అదే అమరిక. అందులో ఎవరి ఇష్టమూ పూర్తిగా నెగ్గలేదు కనుక ఎవరికీ కోపం లేదు. మేమూ మా భాషకి తగిన పనిముట్టుని పెట్టుకున్నాం. యంత్రానికి అందని రుచులకి గూగుల్ వాళ్ళు బహిరంగంగా పెట్టిన కోడు సమీక్షా మార్గదర్శకాల నుంచి ఒక పద్ధతి తెచ్చుకున్నాం. తప్పనిసరి కాని వ్యాఖ్యకి ముందు `Nit:` అని రాస్తారు. అది ఉంటే రాసినవాళ్ళు పట్టించుకోవచ్చు, వదిలెయ్యవచ్చు, జవాబు చెప్పక్కర్లేదు. దీనివల్ల ఒక చిత్రం జరిగింది. వ్యాఖ్యకి ముందు ఆ నాలుగక్షరాలు టైపు చేస్తుంటేనే సగంసార్లు నాకు దాన్ని రాయాలనిపించడం మానేసింది.

ఇక మూడోది, అసలుది: నిజంగా నష్టం జరగగల చోట ఏం చెయ్యాలన్నది. చేతులెత్తేసి "అంతా నీ ఇష్టం" అనడం కూడా అప్పగింత కాదు. మన పెళ్ళిళ్ళలో అప్పగింతలంటే పిల్లని బండెక్కించి పంపెయ్యడం కాదు కదా! పాలగిన్నెలో చేతులు ముంచి, ఒక్కొక్కరి చేతిలో పెడుతూ ఎవరికి ఏమిటి అప్పజెబుతున్నామో అందరూ వింటుండగా చెబుతారు. ఆఫీసుల్లో ఆ చెప్పే భాగమే జరగదు. "దీన్ని మీరు చూసుకోండి" అని ఒక్క వాక్యంలో తేల్చేస్తాం. ఏది చూసుకోవాలో, ఎంతదాకా సొంత నిర్ణయమో, ఏది అడిగి చెయ్యాలో చెప్పం. చెప్పని హద్దులకోసం ఆ తరవాత రోజూ ఆరా తీస్తాం.

మా జట్టులో నాలుగేళ్ళ అనుభవమున్న ఒకమ్మాయికి అప్పగించిన పని గురించి చెబుతాను. రాత్రి పదకొండింటికి మొదలై కస్టమర్లందరి బిల్లులూ లెక్కగట్టే ప్రోగ్రాము ఒకటుంది. తెల్లవారి ఐదున్నరకి గానీ ముగిసేది కాదు. ఆరింటికి క్లయింటు వాళ్ళ వేరే వ్యవస్థ వచ్చి ఆ బిల్లుల్ని పట్టుకెళ్ళాలి. ఏ రాత్రైనా అరగంట ఆలస్యమైతే అంతా తలకిందులే. దాన్ని తిరగరాయాలి. అప్పగింత కాగితం మీద ఇద్దరం కూర్చుని రాసుకున్నది ఇంతే: తెల్లవారి నాలుగింటికల్లా పూర్తికావాలి, ప్రతి బిల్లూ పాతదానితో పైసాతో సహా సరిపోవాలి, వేరే జట్లు చదివే పట్టికల అమరిక మారకూడదు, బిల్లుమీద మొత్తాన్ని మార్చే నిర్ణయం ఏదైనా, వెనక్కి తీసుకోలేని పని ఏదైనా ముందు అడగాలి, మిగతాదంతా ఆమె ఇష్టం. నేను చూసేది మూడుసార్లు. ఒక పేజీ నమూనా రాసినప్పుడు ఒకసారి, పాతదీ కొత్తదీ ఒకే సరుకుమీద పక్కపక్కన నడిపి తేడాలు తీసినప్పుడు ఒకసారి, పాతదాన్ని ఆపే ముందు ఒకసారి. మారే తేదీ 20.

గమనించండి, ఈ కాగితంలో ఎలా చెయ్యాలన్నది లేదు. నేనైతే పనిని కస్టమర్ల నంబర్ల ప్రకారం ముక్కలు చేసి ఒకేసారి నడిపేవాణ్ణి. ఆమె ప్రాంతాలవారీగా ముక్కలు చేసింది. మొదటి తనిఖీలో అది చూసి నా చెయ్యి దురదపెట్టిన మాట నిజం. ఒక ప్రాంతంలో కస్టమర్లు ఎక్కువుంటే ఆ ముక్క మిగతావాటికంటే ఆలస్యంగా ముగుస్తుంది. ఆ మాట ఒక ప్రశ్నగా అడిగాను. "పెద్ద ప్రాంతాన్ని రెండుగా కోస్తున్నానండీ. ఒక రాత్రి ఏదో ప్రాంతంలో తేడా వస్తే దాన్నొక్కదాన్నే మళ్ళీ నడపొచ్చు, ఫోన్ చేసే క్లయింటు వాళ్ళు కూడా ప్రాంతం పేరే చెబుతారు కదా" అంది. నాకు తట్టని సంగతి అది. రాత్రిపూట ఆ ఫోన్లు ఎత్తేది ఆమే.

రెండో తనిఖీకి ముందు పక్కపక్కన నడిపిన ఫలితాలు అందరికీ కనిపించే చోటే ఉన్నాయి. సోమవారం చూశాను. కొన్ని వందల బిల్లుల్లో ఒక్క పైసా తేడా. కారణం చూడగానే తెలిసింది, ఈ రంగంలో ఉన్నవాళ్ళకి పాత చుట్టమే. మూడు అంశాలున్న బిల్లు తీసుకోండి, ఒక్కొక్కటి 10 రూపాయల 10 పైసలు, 5 శాతం తగ్గింపు. ఒక్కో వరుసకీ తగ్గింపు 50.5 పైసలు. దాన్ని 51కి సవరిస్తే మూడింటికీ కలిపి 153. అదే మొత్తం 30 రూపాయల 30 పైసల మీద ఒకేసారి లెక్కిస్తే 151.5, సవరిస్తే 152. పాత ప్రోగ్రాము వరుసవరుసకీ సవరిస్తోంది, కొత్తది చివర్లో ఒకేసారి సవరిస్తోంది.

తనిఖీ గురువారం. సోమవారం నుంచి గురువారం దాకా ఆ ఒక్క వాక్యం నా దగ్గర అట్టిపెట్టుకోవాలి. నిజానికి అప్పగింతలో కష్టమంతా ఈ మూడు రోజులే. జవాబు తెలియనప్పుడు ఊరుకోవడం ఎవరికైనా సాధ్యం. తెలిసి ఊరుకోవాలంటే, ఊరుకోవడంవల్ల ఏం నష్టమో ముందు చూసుకోవాలి. చూసుకున్నాను. పరీక్ష తప్ప అసలు బిల్లులేవీ కొత్తదాని మీద నడవడం లేదు. తేదీకి ఇంకా రెండు వారాలకి పైగా ఉంది. ఆమె ఎంత వెతికినా పోయేది ఒకటి రెండు రోజులు. అంచేత చెప్పలేదు. అసలు బిల్లులు నడుస్తూ ఉండుంటే ఆ నిమిషాన్నే చెప్పేవాణ్ణి, అప్పుడది వేలుపెట్టడం కాదు.

గురువారం ఆమె పట్టుకొచ్చింది నాకు తెలిసిన జవాబు మాత్రమే కాదు. వరుసల సంగతి మంగళవారమే సరిచేసిందట. అయినా కొన్ని తేడాలు మిగిలాయి. అవన్నీ తిరుగు బిల్లులు, అంటే సరుకు వెనక్కిచ్చినప్పుడు రాసేవి. పాత ప్రోగ్రాములో మామూలు బిల్లుని వరుసలవారీగానూ, తిరుగు బిల్లుని మాత్రం మొత్తం మీదా సవరిస్తున్నారు. ఇద్దరు వేర్వేరు మనుషులు వేర్వేరు కాలాల్లో రాసినట్టున్నారు. అందుకని బిల్లు పూర్తిగా రద్దయినా కస్టమరు ఖాతాలో ఒక పైసా మిగిలిపోతోంది. క్లయింటు వాళ్ళ లెక్కల విభాగంలో ఒకాయన నెలనెలా కూర్చుని ఆ పైసల్ని చేత్తో కొట్టేస్తున్నారని కూడా ఆమె కనుక్కుంది. "తిరుగు బిల్లుల్నీ వరుసలవారీగానే సవరించబోతున్నానండీ. కాకపోతే ఇది మొత్తాన్ని మార్చే నిర్ణయం కనుక మన కాగితం ప్రకారం అడగాలి. రేపు పదకొండింటికి క్లయింటు వాళ్ళని పిలిచాను, మీరూ ఉండండి" అంది. సోమవారం నేను ఆ ఒక్క వాక్యం చెప్పి ఉంటే ఆమె వరుసలు సరిచేసి, తేడాలు చాలామటుకు తగ్గాయని చూసుకుని, మిగిలినవి నాకే వదిలేసి ఉండేదేమో. ఖచ్చితంగా చెప్పలేను.

ఆమె వాక్యంలోని "చేయబోతున్నాను" మీద కొంచెం ఆగాలి. మామూలుగా ఆఫీసుల్లో వినిపించేది "ఏం చెయ్యమంటారు?" డేవిడ్ మార్కే అనే అమెరికా నౌకాదళ అధికారి 1999లో శాంటా ఫే అనే అణు జలాంతర్గామికి కెప్టెనయ్యాడు. ఆయన ఏడాదిపాటు చదువుకుని సిద్ధమైంది మరో జలాంతర్గామి కోసం. శాంటా ఫేలో ఒక విన్యాసం సందర్భంగా ఆయన మోటారు వేగాన్ని మూడింట రెండు వంతులకి పెంచమన్నాడు. పక్కనున్న అధికారి ఆ ఆజ్ఞని అలాగే కిందకి అందించాడు. చుక్కాని దగ్గరున్న కుర్రాడు కదల్లేదు. ఎందుకంటే ఆ ఓడలో ఆ మోటారుకి అలాంటి వేగమే లేదు! ఆ సంగతి తెలిసికూడా ఎందుకు అందించావంటే, మీరు చెప్పారు కనుక అన్నాడట ఆ అధికారి. అప్పటినుంచి మార్కే అనుమతి అడిగే పద్ధతి తీసేసి, ఏం చేయదలచుకున్నారో చెప్పే పద్ధతి పెట్టాడు. చెప్పేవాళ్ళు దానికి కారణాలు కూడా తామే ఆలోచించుకుని రావాలి. తెలుగులో ఈ తేడా క్రియలోనే ఉంది. "చెయ్యమంటారా"లో కర్త ఎదుటివాడు, "చేయబోతున్నాను"లో కర్త తాను. మీ జట్టులో రోజుకి ఎన్ని "అంటారా"లు వినబడుతున్నాయో లెక్కపెడితే, నా నోటుపుస్తకం కంటే తొందరగా సంగతి తెలిసిపోతుంది.

ఆ నెల 12 నుంచి 22 దాకా నేను సెలవు. గుంటూరులో అమ్మకి మోకాలి ఆపరేషను. ఈ అప్పగింతలన్నీ అంత శ్రద్ధగా రాసుకోవడానికి అదీ ఒక కారణమని వేరే చెప్పనక్కర్లేదు. ఆసుపత్రి వరండాలో, మందుల చీటీలు పట్టుకుని తిరుగుతూ బిల్లింగు ప్రోగ్రాముని చూసుకోగలిగినవాడు ఎవడూ లేడు. వెళ్ళేముందు అనుకున్నది ఒకటే. కాగితంలో "ముందు అడగాలి" అన్నవాటిలో ఏదైనా వస్తే సాయంత్రం ఆరింటికి ఫోన్ చెయ్యాలి. లేకపోతే వద్దు. పదహారో తేదీన జరగాల్సిన మూడో తనిఖీ మా జట్టులో ఇంకొక సీనియరుకి ఒప్పజెప్పాను.

ఆరింటికి ఫోన్ రాలేదు, ఆ రోజూ, మరునాడూ. పద్దెనిమిదిన వచ్చింది. ఒక ప్రాంతం పరీక్ష సరుకు క్లయింటు దగ్గరనుంచి రాలేదు, అది లేకుండా పక్కపక్కన నడపడం పూర్తికాదు, మూడో తనిఖీ జరగలేదు, ఇరవైకి మారడం కుదరదు. ఈ సంగతి ఆమెకి పదిహేనునే తెలుసు. ఎలాగో తెప్పించేస్తానన్న ధీమాతో మూడు రోజులాగింది. సీనియరు కూడా ఇవాళ రేపు అంటుంటే సరేననుకున్నాడు.

జవాబుదారీ అన్న మాటకి అర్థం తేలేది ఇలాంటి చోటే. పని వెనక్కి లాక్కోవచ్చు. లేదా "మీరు ఆసుపత్రిలో ఉన్నారని చెప్పలేదండీ" అన్న మాట విని పోనీలే అని కరిగిపోవచ్చు. నిజంగానే కరిగాను, కానీ ఊరుకోలేదు. "తేదీ జరగడం మీద నాకేమీ లేదు. పదిహేనున తెలిసింది పద్దెనిమిదిదాకా నాకు చేరలేదు. ఈ మూడు రోజులూ క్లయింటు ఇరవై అనే నమ్ముకుని తన మనుషుల్ని సిద్ధం చేసుకున్నాడు. దానికి ఇప్పుడు ఏం చేద్దామనుకుంటున్నారు?" అన్నాను. కాసేపు మాట లేదు. తరవాత "నేనే వాళ్ళకి రాస్తాను. 27 అని రాస్తాను, సరుకు 21లోగా అందితేనే అని కూడా రాస్తాను" అంది. రాసింది. ఆ ఉత్తరం నకలు నాకు వచ్చింది గానీ ముందుగా చూపించమని నేనడగలేదు. క్లయింటు మనిషి కటువుగానే జవాబిచ్చాడు. అది కూడా ఆమెకే వెళ్ళింది. నేను మధ్యలోకి వెళ్ళి ఆమె తరఫున క్షమాపణలు చెప్పుకోలేదు. పై మేనేజరుకి మాత్రం నేనే ఫోన్ చేసి, తేదీ జరిగింది, ఆలస్యంగా తెలిసింది, బాధ్యత నాదని చెప్పాను. కిందివాళ్ళ జవాబుదారీ నాకు, నా జవాబుదారీ పైకి. పై మెట్టుకి జవాబు చెప్పేటప్పుడు కింది మెట్టుమీద ఉన్నవాళ్ళ పేరు ఎత్తక్కర్లేదు.

తిరిగొచ్చాక కాగితంలో ఒక్క వాక్యం కలిపాం: తేదీ జరిగే అవకాశం సగానికి మించిందనిపించిన రోజునే చెప్పాలి. అంతే. ఇలాంటిది ఒకటి జరగగానే అందరికీ రోజువారీ నివేదిక పెట్టెయ్యడం చాలా ఆఫీసుల్లో చూశాను. ఒకరు ఒకసారి జారితే ఏడుగురు ఏళ్ళ తరబడి రాస్తూ ఉంటారు. ఎందుకు మొదలైందో మరిచిపోయాక కూడా రాస్తూనే ఉంటారు. అందుకని కొత్త తనిఖీ ఏది పెట్టినా దానికి ముగిసే తేదీ కూడా పక్కనే రాస్తున్నాం.

27న మారింది. ఇప్పుడు రెండింటిలోపలే ముగుస్తోంది. పాత ప్రోగ్రాముని నెలరోజులు అట్టేపెట్టి, తరవాత ఆమే తీసేసింది.

ఇదంతా ఎవరికి పడితే వాళ్ళకి వర్తిస్తుందని చెప్పను. అదే జట్టులో చేరి రెండు నెలలైన కుర్రాడికి ఇదే కాగితం ఇస్తే అది బావిలోకి తోసి ఈత నేర్చుకోమన్నట్టే. అతని పనిని రోజూ చూస్తాను, కూర్చుని కలిసి రాస్తాను. అతనికి అది పెత్తనంలా అనిపించడం లేదు. అడిగితే ఇంకాసేపు కూర్చోమంటాడు. కాకపోతే ఎప్పుడు ఆపాలన్నది ముందే అనుకున్నాం: ఒక రకం పనిని వరసగా మూడుసార్లు నా సవరణ లేకుండా పూర్తిచేస్తే, ఆ రకం పనిని నాలుగోసారి చూడను. మూడు అన్న అంకెలో శాస్త్రమేమీ లేదు, ఏదో ఒక అంకె ఉండడమే కావాలి. లేకపోతే "ఇంకొక్కసారి చూద్దాం" అనేదానికి అంతుండదు. ఇక బ్యాంకు ఖాతాల వివరాలు మార్చడం, అసలు డేటా చెరిపెయ్యడం లాంటివి ఎంత అనుభవమున్నవాళ్ళయినా ఒంటరిగా చెయ్యరు. నాతో సహా. అక్కడ రెండో జత కళ్ళు మనిషి మీద అపనమ్మకంతో పెట్టినవి కావు గనుక వాటిని ఈ లెక్కలో కలపడం లేదు.

నోటుపుస్తకం మొన్న మళ్ళీ రెండు వారాలు రాశాను. అడగకుండా చెప్పినవి 29. ఆరాలు రెండే. రుచి ఇంకా 15 దగ్గరే ఉంది. అందులో నాలుగు ఉత్తరాల్లో కామాల గురించి.